సమస్యాపూరణం: “నాకు పదివేల పుట్టిన నాళ్ళు నిండె”

పృచ్ఛకుడు: ఈ వారం సమస్య తేటగీతి నాలుగో పాదం. ఏడాదికి ఒక్కటే పుట్టినరోజు కదా, పదివేలు ఎలా నిండాయి? చిక్కు అక్కడే ఉంది.

రామభక్తుడు: నా పూరణ.

రావణుం జంపి సాకేత రాజ్యమేలు
చున్న రాముండు సీతతో సొంపుగ ననె
“పాయసం బిమ్ము వేడుకఁ బడఁతి నేఁడు
నాకు పదివేల పుట్టిన నాళ్ళు నిండె”

రాముడు పదకొండు వేల ఏళ్లు ఏలాడు కాబట్టి పదివేల పుట్టినరోజులు సహజమే.

లెక్కల మాస్టారు: ధార బాగుంది, యతులన్నీ కుదిరాయి. కానీ మీరు చిక్కు విప్పలేదు, ఆయుష్షు పెంచి దాటేశారు. మీమాంసకులు వేయి సంవత్సరాల సత్రయాగం దగ్గర ఇలాంటి ఇబ్బందే వచ్చినప్పుడు, అక్కడ సంవత్సరం అంటే దినమని తేల్చారు. ఆ దారిలో ఎవరైనా ప్రయత్నిస్తే చూడాలని ఉంది.

కొత్త కలం: మాస్టారూ, ఆ దారిలోనే రాశాను. నేను 1998 మార్చి 1న పుట్టాను.

ఏడు మీఁదుగ నిరువది యేండ్లు గడచె
నెలలు నాలుగు నిండఁగా నేఁడె సరిగ
ప్రొద్దు పొడుచుట పుట్టుటే పుడమి నెపుడు
నాకు పదివేల పుట్టిన నాళ్ళు నిండె

లెక్కల మాస్టారు: మూడో పాదం ఈ పద్యానికి ప్రాణమమ్మా. రోజూ పుట్టుకే అన్నావు, చిక్కు విడిపోయింది. రెండో పాదంలో మాత్రం లెక్క తప్పింది. “సరిగ” అన్నావు గనుక అడుగుతున్నాను, ఎలా కట్టావు?

కొత్త కలం: పదివేలను 365.25తో భాగిస్తే 27.38 వచ్చింది. ఆ చివరి ముక్కలో నాలుగు నెలలు తీసుకుని మిగతాది వదిలేశాను.

లెక్కల మాస్టారు: ఆ వదిలేసిందే రెండు వారాలు. భాగహారం పక్కన పెట్టి కేలండరు మీద నడువు. 2025 మార్చి 1కి నీకు 27 ఏళ్లు. 27ను 365తో గుణిస్తే 9855. మధ్యలో ఫిబ్రవరి 29లు 2000 నుంచి 2024 దాకా ఏడు వచ్చాయి, మొత్తం 9862. నువ్వు 2000 మార్చిలో పుట్టి ఉంటే ఆరే వచ్చేవి, అందుకే అందరికీ ఒకే సూత్రం పనికిరాదు. పుట్టినరోజును ఒకటిగా లెక్కపెడితే పదివేలవ రోజుకు 9999 రోజులు కలపాలి, అంటే ఇంకా 137. అది 2025 జూలై 16. ఎక్సెల్‌లో A1 గడిలో పుట్టినతేదీ వేసి చూసుకో:

```
=A1+9999
```

వారం కూడా సరిచూడు. 9999ని ఏడుతో భాగిస్తే మూడు మిగులుతుంది. నువ్వు పుట్టింది ఆదివారం, కాబట్టి పదివేలవ రోజు బుధవారమే కావాలి. జూలై 16 బుధవారమే.

కొత్త కలం: అంటే నాలుగు నెలల మీద పదిహేను రోజులు! ఇలా మార్చాను:

నెలలు నాలుగు పక్షము నేఁడు గడువ

పృచ్ఛకుడు: పక్షం ఎంత చక్కగా ఒదిగిందో! పదిహేను రోజులకు మనకు సొంత మాట ఉండటం కలిసొచ్చింది.

తిథి శర్మ: మన పద్ధతిలో రోజంటే తిథి. పదివేల తిథులు ఎప్పుడో దాటిపోయాయి కదండీ.

లెక్కల మాస్టారు: దాటాయన్నది నిజం. ముప్ఫై తిథులకు సుమారు 29.53 రోజులే కాబట్టి, పదివేల తిథులు దాదాపు 9843 రోజుల్లోనే అయిపోతాయి. ఇరవై ఏడో పుట్టినరోజుకు రెండున్నర వారాల ముందే అన్నమాట. కానీ పద్యంలో పొద్దు పొడిచింది, తిథి మారలేదు.

తిథి శర్మ: సంకల్పంలో చెప్పేది తిథే. నేను ఒప్పుకోను.

అవనిగడ్డ అబ్బాయి: మా నాన్నగారు దివిసీమ ఉప్పెన మర్నాడు, 1977 నవంబరు 20న పుట్టారు. బడి రికార్డులో మాత్రం జూలై 1 అని వేశారు. మా నాయనమ్మ చెప్పిన తేదీనే పట్టుకుని రాశాను.

ఉప్పెనయు వచ్చి పోయిన యుదయవేళ
తల్లి యొడిఁ జేరి మిగిలిన తండ్రి పలికె
నీటఁ బోయిన వారల నెంచి చూడ
నాకు పదివేల పుట్టిన నాళ్ళు నిండె

ఆయన పదివేలవ రోజు 2005 ఏప్రిల్ 6న వెళ్లిపోయింది. అప్పుడు మాకెవరికీ తెలియదు.

లెక్కల మాస్టారు: “మిగిలిన” అన్న మాట దగ్గర ఆగిపోయాను నాయనా. నాయనమ్మ తేదీయే సరైనది. ఆయన ఇరవైవేలవ రోజు 2032 ఆగస్టు 22. 19999 ఏడుతో నిశ్శేషంగా పోతుంది కాబట్టి అది కూడా ఆయన పుట్టిన వారమే, ఆదివారం.

అవనిగడ్డ అబ్బాయి: రాసి పెట్టుకున్నాను.

పృచ్ఛకుడు: కొత్త కలం గారూ, ఒక్క సందేహం. మీరు పుట్టింది ఏ వేళ?

కొత్త కలం: పొద్దున పది గంటలకండీ.

పృచ్ఛకుడు: అయితే ఆ రోజు పొద్దు మీకంటే ముందే పొడిచేసింది. మీరు చూసిన మొదటి సూర్యోదయం మార్చి 2ది. మీ మూడో పాదం ప్రకారం పదివేలవది జూలై 17 అవుతుంది. పైగా సమస్యలో ఉన్నది “నిండె”.

లెక్కల మాస్టారు: నిండటానికి 17, పదివేలవ రోజు నడవటానికి 16. నా ఓటు ఇప్పటికీ పదహారుకే.

కొత్త కలం: పదిహేడంటే పక్షం మీద ఇంకో రోజు! ఆ ఒక్క రోజు పాదంలో ఎక్కడ పడుతుందో ఈ రాత్రి చూస్తాను.