రెండు డాగ్ ఫుడ్లలో ఏది చవక? లెక్క తేలడం లేదు

బ్రౌనీ నాన్న: సాయంత్రం నుంచి ఇదే పనిలో ఉన్నాను, బుర్ర వేడెక్కిపోయింది. మొదటి సంచి కిలో ధర 100 అనుకుంటే రెండోది 130. ప్రోటీన్ మొదటిదాంట్లో 22 శాతం, రెండోదాంట్లో 28. కిలో లెక్కన మొదటిదే చవక. ధరను ప్రోటీన్‌తో భాగిస్తే దాదాపు సమానం. రెండోది వాడినప్పుడు మాత్రం ఖర్చు బాగా పెరిగింది. ఏది నమ్మాలి?

ఒక్కమాట: కుక్క బరువు? వయసు? రోజుకెన్ని గ్రాములు?

పిల్లిపిచ్చి: మా పిల్లికి టిన్ ఫుడ్ పెడతాను. లేబుల్ మీద ప్రోటీన్ 9 శాతమే. మీ 22 చాలా ఎక్కువ కదండీ!

సుబ్బు: 9 అని తీసిపారేయకండి, టిన్నులో 80 శాతం నీళ్లే. నీళ్లు తీసేస్తే మిగిలిన 20లో 9, అంటే 45 శాతం. అసలు ఈ ప్రోటీన్ అంకె మీదే నాకు నమ్మకం లేదు. ల్యాబ్‌లో నైట్రోజన్ కొలిచి 6.25తో గుణిస్తారు. అది మాంసం నుంచి వచ్చిందా, ఎంత అరుగుతుందా అన్నది ఆ అంకె చెప్పదు.

వసంత: సుబ్బుగారూ, ఆయన అడిగింది ఖర్చు గురించి. బ్రౌనీ నాన్నగారూ, సంచి వెనక కిలోకు ఎన్ని కిలోక్యాలరీలో ఉంటుంది, చూసి చెప్పండి.

బ్రౌనీ నాన్న: మొదటిది 3200, రెండోది 4000. బ్రౌనీ 14 కిలోలు, ఆపరేషన్ అయిన పెద్ద కుక్క. రెండూ ఒకే కప్పుతో పెట్టాను, సుమారు 250 గ్రాములు.

వసంత: చిక్కు ఆ కప్పులోనే ఉంది. అంత కుక్కకు రోజుకు సుమారు 800 కిలోక్యాలరీలు చాలు. మొదటిది 250 గ్రాములకు వస్తుంది, రెండోది 200కే. మీరు రెండోది కూడా 250 పెట్టారు, అంటే 1000. ఖర్చు 30 శాతం పెరిగింది, దానికి తోడు ఒళ్లూ వచ్చి ఉంటుంది. పక్కటెముకలు వేళ్లకు తెలుస్తున్నాయా? 200 గ్రాములే పెడితే ఖర్చు తేడా 4 శాతమే. ప్రోటీన్ 55 గ్రాములు, 56 గ్రాములు, ఒకటే. తూకం వేసి పెట్టండి, కప్పు వద్దు.

సుబ్బు: లేబుల్ మీద ఉండేది కనీస ప్రోటీన్ అండీ, అసలుది అంతకంటే ఎక్కువే ఉండొచ్చు. ఒక గ్రాము తేడా పట్టుకుని ఒకటే అంటే ఎలా?

వసంత: ఎక్కువుంటే మంచిదే కదా, నేను ఖర్చు లెక్క చెబుతున్నాను.

ఒక్కమాట: సంచి మీది గ్రాముల పట్టిక కాస్త ఎక్కువే చెబుతుంది. బరువు చూస్తూ తగ్గించుకోండి.

బ్రౌనీ నాన్న: ఎముకలు తెలియడం లేదు, నొక్కితేనే తగులుతున్నాయి. వంటింటి త్రాసు తీశాను. థాంక్సండీ.

పిల్లిపిచ్చి: మరి నా టిన్నుకూ ఇలాగే చూడాలా?