స్వాట్‌లో రాసుకున్న బలాన్ని ప్లాన్‌లోకి ఎలా తేవాలి? కాస్త చెప్పండి

మాది కావలి దగ్గర పల్లె. ఆరుగురం ఆడవాళ్లం కలిసి రొయ్యల పచ్చడి యూనిట్ పెడుతున్నాం. పెట్టుబడి పెట్టే ముందే స్వాట్, అంటే మా బలాలు, బలహీనతలు, అవకాశాలు, ముప్పులు రాసుకున్నాం.

బలహీనతల్లో మొదటిది: కారం, ఉప్పు, మసాలా పాళ్లు మా అత్తమ్మ చేతికి తప్ప ఎవరికీ తెలియవు. మొదట "శిక్షణ అవసరం" అని రాసి వదిలేశాం. తర్వాత చూస్తే దానివల్ల ఏ పనీ కదలదని అర్థమైంది. అందుకే మార్చాం: ఈ నెల 15లోపు ఆమె చేయి వేసిన ప్రతి గుప్పెడూ తూకం వేసి గ్రాముల్లో రాయాలి, ఆ కాగితం చూసి ఇద్దరు ఆమె లేకుండా మూడుసార్లు చేయాలి. రుచి కుదిరాకే ఆర్డర్లు. ఎవరు, ఎప్పటికి, ఎంత ఖర్చు అన్నది పక్కనే ఉంది కాబట్టి టెన్షన్ తగ్గింది.

చిక్కంతా బలం దగ్గరే. చెరువులు పక్కనే ఉన్నాయి, పట్టుబడి రోజు తాజా రొయ్య దొరుకుతుంది. కాబట్టి ఫ్రీజర్ వద్దు, ఆ డబ్బు సీలింగ్ మెషిన్‌కి పెడదాం అని నిర్ణయించాం. కానీ రొయ్యలకు తెల్లమచ్చ వైరస్ వస్తే రైతులు ఒక్కసారిగా పట్టేస్తారు, ఆ తర్వాత కొన్ని వారాలు సరుకే ఉండదు. అప్పుడు ఈ బలం ఏమైనట్టు?

ఫ్రీజర్ ఇప్పుడే కొనాలా, లేక ఆ వారాల్లో ఆర్డర్లు ఆపేయాలా? ఇలాంటి యూనిట్ నడిపినవాళ్లు మీరు ఏది ఎంచుకున్నారో, ఎందుకో చెప్పండి.