పట్టీ “వెడల్పు” అనవచ్చా? ఎరుపు లేజరుకు 325 నానోమీటర్లు ఎలా వచ్చింది?

వెన్నెల: ఒక మాట గురించి అడగాలని రాస్తున్నాను. మా అబ్బాయి జంట చీలికల ప్రయోగం చేశాడు. ఎరుపు లేజరు కాంతి రెండు సన్నని చీలికల గుండా వెళ్లి తెర మీద వరసగా వెలుగు పట్టీలుగా పడింది. తెరకు స్కేలు అతికించి ఫోటో తీశాం. పుస్తకంలో “పట్టీ వెడల్పు కొలిచి, దాని నుంచి తరంగదైర్ఘ్యం కనుక్కోండి” అని ఉంది. వాడు అలాగే ఒక వెలుగు పట్టీ ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంతుందో చూశాడు. 2.6 మిల్లీమీటర్లు. చీలికల మధ్య దూరం 0.25 మిల్లీమీటర్లు, తెర 2 మీటర్ల దూరంలో ఉంది. లెక్క కడితే 325 నానోమీటర్లు వచ్చింది. లేజరు మీద 650 అని రాసుంది. సరిగ్గా సగం! పైగా 325 అంటే అతినీలలోహితం, కంటికే కనబడదు. మేము ఎర్రగా చూస్తున్న కాంతికి కనబడని కాంతి లెక్క వచ్చింది. ఇందులో తప్పు పిల్లవాడిదా, “వెడల్పు” అన్న మాటదా?

భాస్కరం: అమ్మా, “పట్టె” అనాలా “పట్టీ” అనాలా అన్నది పాత తగాదాయే. పట్టీ అంటే కాలికి పెట్టుకునేది, జాబితా కూడా. కాంతి విషయంలో పట్టె అంటేనే నా చెవికి బాగుంటుంది.

వెన్నెల: భాస్కరం గారూ, నా సందేహం పట్టీ మీద కాదండీ, వెడల్పు మీద.

రఘు: మాటలో తప్పేమీ లేదు. పట్టీ వెడల్పు అంటే పక్కపక్కనున్న రెండు వెలుగు పట్టీల నడిమి భాగాల మధ్య దూరం. ప్రతి పుస్తకంలోనూ ఆ నిర్వచనం ఉంటుంది. నిర్వచనం చదవకుండా కొలిస్తే మాట ఏం చేస్తుంది? ఇంగ్లీషులోనూ ఫ్రింజ్ విడ్త్ అనే అంటారు.

సుగుణ: రఘు గారు చెప్పిన నిర్వచనం సరైనదే. కానీ మాటను అంత తేలిగ్గా వదిలేయలేను. చాలా ఏళ్లుగా ఈ ప్రయోగం చేయిస్తున్నాను. మొదటిసారి కొలిచే పిల్లల్లో ఎక్కువమంది వెన్నెల గారి అబ్బాయి చేసినట్టే చేస్తారు. వెడల్పు అనగానే తెలుగు మనసు అంచులు వెతుకుతుంది. తలుపు వెడల్పు, రోడ్డు వెడల్పు, అన్నీ ఈ అంచు నుంచి ఆ అంచుకే కదా.

చిక్కేమిటంటే ఈ పట్టీలకు అంచులే లేవు. వెలుగు నడుమ ఎక్కువగా ఉండి, రెండు పక్కలకూ మెల్లగా తగ్గుతూ చీకటిలో కలిసిపోతుంది. ఎక్కడ ఆగిందో మన కన్నే నిర్ణయిస్తుంది. మామూలుగా వెలుగు సగానికి తగ్గినచోట అంచు ఉన్నట్టు అనిపిస్తుంది. అలా కొలిస్తే వచ్చేది అసలు దూరంలో సరిగ్గా సగం. మీకు 650 బదులు 325 రావడం కాకతాళీయం కాదు.

వెన్నెల: ఇదే ఫోటోను ఇంకొంచెం ఎక్కువసేపు వెలుతురు పట్టేలా మళ్లీ తీశాం. అందులో పట్టీ 3.4 వచ్చింది. లెక్క 425 దాకా పోయింది, అంటే ఊదా రంగు. లేజరు మారలేదు, చీలికలు మారలేదు. ఫోటో మారితే తరంగదైర్ఘ్యం ఎలా మారుతుందా అని తల పట్టుకున్నాం.

సుగుణ: అదే ఆనవాలు. ఫోటోలో వెలుగు ఎక్కువైతే పట్టీ లావెక్కుతుంది, నడుమ ఎరుపు పోయి తెల్లబారుతుంది కూడా. ఒక పట్టీ నడిమి నుంచి పక్క పట్టీ నడిమికి ఉన్న దూరం మాత్రం కదలదు. రెండు ఫోటోల్లోనూ కొలిచి చూడండి, ఒకటే వస్తుంది. ఫోటో మారినప్పుడు మారేది కాంతి గుణం కాదు, కెమెరా గుణం.

అసలు ఆ దూరానికీ తరంగదైర్ఘ్యానికీ సంబంధం ఎందుకంటే, నడిమి పట్టీ దగ్గరకు రెండు చీలికల నుంచి కాంతి సమాన దూరం నడిచి వస్తుంది. పక్క పట్టీ దగ్గరకు వచ్చేసరికి ఒక దారి రెండోదానికంటే సరిగ్గా ఒక తరంగమంత పొడవెక్కువ. ఆ తర్వాతి పట్టీకి రెండు తరంగాలంత. కాబట్టి ఒక నడుమ నుంచి ఇంకో నడుమకు జరగడమంటే దారుల తేడా ఒక తరంగం పెరగడమే. ఒక పట్టీ ఎంత లావుగా కనబడుతుందన్న దాంట్లో ఆ లెక్క లేదు. అందుకే λ = d × β / D లో λ తరంగదైర్ఘ్యం, d చీలికల మధ్య దూరం, D తెర దూరం అయితే, β అంటే పట్టీల నడుమ నుంచి నడుమకు దూరం.

రఘు: ఒక్క మాట. చీకటి గీత నడుమ నుంచి తర్వాతి చీకటి గీత నడుమ దాకా మొత్తాన్ని ఒక వెలుగు పట్టీ అనుకుంటే, దాని వెడల్పు కూడా β యే అవుతుంది. అప్పుడు “వెడల్పు” అన్న మాట నిజమే కదా?

సుగుణ: అవుతుంది, ఒప్పుకుంటున్నాను. పైగా అది పనికొచ్చే ఉపాయం. వెలుగు ఎక్కువైన ఫోటోలో వెలుగు పట్టీ నడుమ ఎక్కడో పట్టుకోవడం కష్టం, చీకటి మాత్రం సన్నని గీతలా మిగులుతుంది. అప్పుడు చీకటి నుంచి చీకటికి కొలవడమే మేలు. కానీ పట్టీ అన్నది చీకటి మధ్యదాకా ఉందని చూసినవాళ్లకు తోచదు. వాళ్లకు కనబడేది వెలిగే భాగమే.

కిరణ్: నేను వెంట్రుకతో చేశాను. లేజరు ముందు వెంట్రుక పెడితే ఇలాగే చారలు వచ్చాయి. నడిమి పట్టీ మిగతావాటికి రెట్టింపు ఉంది. అంటే పట్టీలన్నీ సమానంగా ఉండవన్నమాట. మరి ఏది కొలవాలి?

సుగుణ: కిరణ్ గారూ, మీరు చూసింది వేరు. వెంట్రుక ఒకటే అడ్డు, రెండు చీలికలు కాదు. అక్కడ దూరాన్ని నిర్ణయించేది వెంట్రుక మందం, నడిమి పట్టీ రెట్టింపు ఉండటం దాని గుర్తు. జంట చీలికల్లో పట్టీలు సమాన దూరాల్లో ఉంటాయి. నడిమిది రెట్టింపు కనబడితే ఒక చీలిక మూసుకుపోయిందేమో చూసుకోవాలి. అప్పుడు జంట చీలికల లెక్క వేయకూడదు.

వెన్నెల: సుగుణ గారూ, మళ్లీ కొలిచాం. ఒక్క దూరం చిన్నదిగా ఉందని నడిమి పట్టీకి అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం తొమ్మిది పట్టీలు తీసుకున్నాం. మొదటి దాని నడుమ నుంచి చివరి దాని నడుమకు 41.5 మిల్లీమీటర్లు. తొమ్మిదితో భాగిస్తే 4.61. లెక్క 576 వచ్చింది. ఇప్పుడు పసుపు!

రఘు: తొమ్మిది పట్టీల మధ్య ఎడాలు ఎనిమిదే కదండీ. ఎనిమిదితో భాగించండి.

వెన్నెల: 5.19 వచ్చింది. లెక్క 648 నానోమీటర్లు! ఇంత పని చేసి ఒక్క అంకె దగ్గర పడిపోయాం. ఇంకో సంగతి, అయిదో పట్టీ రెండు వైపులా కనబడటం లేదు. ఆరోది మసకగా ఉంది. ఫోటో పాడైందా?

సుగుణ: ఫోటో బాగానే ఉంది. మీ చీలిక ఒక్కొక్కటి 0.05 మిల్లీమీటర్లు ఉండి ఉంటుంది. చీలికల దూరం దానికి అయిదు రెట్లైతే అయిదో వెలుగు పట్టీ పడాల్సిన చోటుకు ఏ చీలిక నుంచీ కాంతి చేరదు. అది తెలియక ఆరోదాన్ని అయిదోదిగా లెక్కపెట్టేవాళ్లుంటారు. నాలుగు దగ్గర ఆగడం మంచిదైంది.

వెన్నెల: పెట్టె మీద అదే రాసుంది, 0.05. అయితే చీలికల మధ్య ఖాళీ 0.20 అని కూడా వేరేగా రాశారు. లెక్కలో ఏది వేయాలి? మేము 0.25 వేశాం.

సుగుణ: మీరు వేసిందే సరి. ఖాళీ 0.20, దానికి ఒక చీలిక వెడల్పు కలిపితే నడుమ నుంచి నడుమకు 0.25. ఖాళీనే వేసుంటే 519 వచ్చేది, ఎరుపు లేజరుకు ఆకుపచ్చ లెక్క. చూశారా, “చీలికల మధ్య దూరం” అన్న మాటలోనూ అదే గొయ్యి ఉంది. మధ్య అంటే ఖాళీ అనుకుంటాం.

అన్నట్టు 648 చూసి మరీ పొంగిపోకండి. ఆ 0.25 లో 0.01 తేడా ఉంటే చాలు, జవాబు 26 నానోమీటర్లు అటూ ఇటూ అవుతుంది. పట్టీలను ఎంత జాగ్రత్తగా కొలిచినా ఆ సందేహం తీరదు. ఆ ఫోటో 650కీ 635కీ తేడా తేల్చలేదు. ఎరుపు అని మాత్రం గట్టిగా చెబుతుంది. కెమెరాను తెరకు ఎదురుగా పెట్టారా, పక్క నుంచి తీశారా? పక్క నుంచి తీస్తే ఫోటోలో ఒక వైపు పట్టీలు దగ్గరదగ్గరగా పడతాయి.

వెన్నెల: ఎదురుగా పెడితే లేజరుకు అడ్డం వస్తుందని కొంచెం పక్కకు పెట్టాం. స్కేలు పట్టీల పక్కనే ఉంది.

సుగుణ: స్కేలు పట్టీలకు ఆనుకుని, వాటి వరస వెంబడే ఉంటే అదీ అంతే కుదించుకుపోతుంది కాబట్టి ఫర్వాలేదు. ప్రతి పట్టీని దాని ఎదుటి స్కేలు గీతతోనే చదవండి. స్కేలు దూరంగానో ఏటవాలుగానో ఉంటే మాత్రం నమ్మకండి.

భాస్కరం: ఇప్పుడు నాకు చర్చ అర్థమైంది, ఆలస్యానికి మన్నించండి. ఫ్రింజ్ అన్న మాటకు ఇంగ్లీషులో మొదటి అర్థం గుడ్డ అంచున వేలాడే కుచ్చు. కుచ్చుల్లో చూసేది దారం లావు కాదు, కుచ్చుకూ కుచ్చుకూ ఎడం. మనం దాన్ని పట్టీ అనేసరికి నిండైన, అంచులున్న వస్తువైపోయింది. “పట్టీల ఎడం” అంటే సరిపోదా? సాళ్ల మధ్య ఎడం అంటే మొక్క వరస నుంచి మొక్క వరసకే కదా కొలుస్తాం.

రఘు: ఎడం అంటే పిల్లలు రెండు వెలుగు పట్టీల నడుమనున్న చీకటి ఖాళీని కొలుస్తారు. మొదటి ఫోటోలో అదీ 2.6 యే వస్తుంది. మళ్లీ 325!

భాస్కరం: నిజమే. అలాగైతే “అంగ”? నడకలో అంగ అంటే మడమ నుంచి మడమకు. పాదం పొడవూ కాదు, ఖాళీ చోటూ కాదు. “పట్టీల అంగ”.

వెన్నెల: అంగ అంటే మా అబ్బాయికి వెంటనే అర్థమైంది. తొమ్మిది అడుగుజాడలకు ఎనిమిది అంగలని వాడే అన్నాడు.

రఘు: ఇంట్లో చెప్పడానికి బాగుంది. పరీక్షలో రాస్తే దిద్దేవాళ్లకు తెలియాలి కదా. నేనైతే పాత మాటే ఉంచి “నడుమ నుంచి నడుమకు” అని పక్కన చేరుస్తాను.

సుగుణ: నాకు అంగ నచ్చింది కానీ చీలికలకు ఆ మాట అతకదు. రెండే చీలికలు, నడక లేదు. రెండుచోట్లా పనికొచ్చే మాట ఒకటి కావాలి. “నడిమి దూరం” అందామా అనుకుంటే, అది నడిమి పట్టీ దాకా ఉన్న దూరంలా వినిపిస్తోంది. ఎవరికైనా ఇంకో మాట తోస్తే రాయండి. వచ్చే వారం మళ్లీ ఈ ప్రయోగం చేయిస్తాను, కొత్త మాట చెప్పి పిల్లలు ఏం కొలుస్తారో చూస్తాను.