అడ్డం 9 దగ్గర ఆగిపోయాను: ఆధారంలో అర్థం ఏది, అక్షరాల ఆట ఏది?

రాధిక:
మామూలు గళ్ళ నుడికట్టు బాగానే పూరిస్తాను. ఈసారి మా లైబ్రరీ వాళ్ళ పత్రికలో గూఢంగా ఉండే ఆధారాలతో గడి ఇచ్చారు. అడ్డం 9 ఇదీ:

*వరస తప్పి శ్రీకాకుళం కొండల్లో బతుకుతున్న తెగ (3)*

గదబ సరిపోతుంది, జాతాపు కూడా సరిపోతుంది. రెండూ మూడక్షరాలే. నిలువు ఆధారాల నుంచి ఒక్క అక్షరం కూడా ఇంకా రాలేదు. వరస తప్పడం అంటే మేనరికాలకు సంబంధించిన సంగతేమో అని కూడా వెతికాను, ఏమీ దొరకలేదు. జవాబు చెప్పేయకుండా, దీన్ని ఎలా విడదీయాలో చెప్పగలరా?

విజయలక్ష్మి:
శబ్దరత్నాకరం చూడండి రాధిక గారూ. వరసకు శ్రేణి, పంక్తి, క్రమం, ఇలా చాలా ఉన్నాయి. మూడక్షరాల పర్యాయపదం ఒకటి దొరికితే అదే జవాబు అయి ఉంటుంది.

కిరణ్:
పర్యాయపదాలతో ఇది తేలదండీ. నేను హిందూ పేపర్లో ఇంగ్లీషు క్రిప్టిక్ చేస్తుంటాను. అక్కడ అర్థం ఆధారానికి మొదట్లోనో చివర్లోనో ఉంటుంది, మధ్యలో ఉండదు. ఇక్కడ చివర 'తెగ' ఉంది కాబట్టి అదే అర్థం. ఇక 'కొండల్లో' అని ఉంది చూశారా, 'లో' కనిపించిందంటే ఆ మాటల్లో జవాబు దాక్కుందని లెక్క. శ్రీకాకుళం కొండల్లోనే వెతకండి.

సుబ్బారావు మాస్టారు:
కిరణ్ బాబు మొదటి మాట నిజం, రెండోది తొందరపాటు. అర్థం ఒక కొసన ఉంటుంది, సరే. కానీ ఆ అర్థం ఎన్ని మాటల పొడవు? అసలు తంటా అక్కడే వస్తుంది.

ముందు కిరణ్ చెప్పినట్టే చేసి చూద్దాం. దాగిన పదం కోసం ఖాళీలు మరిచిపోయి అక్షరాలు వరసగా రాయాలి: శ్రీ, కా, కు, ళం, కొం, డ, ల్లో. పక్కపక్కన మూడేసి తీస్తే శ్రీకాకు, కాకుళం, కుళంకొం, ళంకొండ, కొండల్లో. ఒక్కటీ తెగ పేరు కాదు. పైగా 'వరస తప్పి' అన్న రెండు మాటలకు పని లేకుండా పోయింది. మంచి ఆధారంలో పని లేని మాట ఉండదమ్మా. ఏ మాటైనా మిగిలిపోతే మనం తప్పు చోట కోశామని అర్థం.

అందుకే కోతను కొంచెం కొంచెం ఎడమకు జరపండి. 'బతుకుతున్న తెగ' దగ్గర కోస్తే ముందున్న కొండలకు పని దొరకదు. 'శ్రీకాకుళం కొండల్లో బతుకుతున్న తెగ' అని మొత్తం అర్థంగా తీసేస్తే 'వరస తప్పి' ఒక్కటే మిగులుతుంది. అప్పుడు గడుల సంఖ్య చూడండి, తర్వాత ఆ మిగిలిన దాంట్లో మొదటి మాటకు ఎన్ని అక్షరాలో చూడండి. ఇక నేను చెప్పను.

రాధిక:
వ, ర, స. సవర! 'తప్పి' అంటే ఆ అక్షరాలే చోటు తప్పాయన్నమాట. గదబ, జాతాపు ఎందుకు కావో ఇప్పుడు తెలిసింది, వాటిలో ఈ అక్షరాలు లేవు.

సుబ్బారావు మాస్టారు:
అదీ. అర్థం ఒక్కటే చూస్తే మూడు తెగలూ సరిపోతాయి. అక్షరాల ఆట వచ్చి ఒకదాన్నే ఖాయం చేస్తుంది. రెండు దారుల్లోనూ ఒకే జవాబు వచ్చేదాకా పెన్సిల్‌తోనే రాయండి.

'తప్పి' లాంటి మాటలు బోలెడు: తడబడి, చెదిరి, కలగలిసి, తికమకపడి, కుదురు లేక. మన వాక్యంలో ఇవి ఎక్కువగా కలపాల్సిన మాట తర్వాత వస్తాయి, 'చెదిరిన వరస' అన్నట్టు ముందూ రావచ్చు. ఎక్కడున్నా ఆనుకుని ఉన్న మాట అక్షరాలు లెక్కపెట్టండి. 'తిరగబడి', 'వెనుదిరిగి' మాత్రం వేరు. అక్కడ అక్షరాలు ఇష్టం వచ్చినట్టు కలవవు, చివరి నుంచి మొదటికి చదవాలంతే. పలక తిరగబడితే కలప అవుతుంది, ఇంకేమీ కాదు.

ఇర్ఫాన్:
చిన్న అనుమానం. 'వరుస' కదా సరైన మాట? పత్రికలో అచ్చుతప్పు పడిందేమో.

సుబ్బారావు మాస్టారు:
రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి బాబూ. కూర్చినవారు కావాలనే 'వరస' ఎంచుకున్నారు. 'వరుస' అని దిద్దితే మన చేతిలో 'రు' ఉంటుంది, దాంతో సవర రాదు. ఆధారంలో అచ్చయిన రూపాన్ని అలాగే తీసుకోవాలి. రెండు రూపాలున్న మాటకు అరుదైన రూపం వాడారంటే అక్షరాల ఆట అక్కడే ఉందేమోనని నేను ముందు అనుమానిస్తాను.

శ్రీలత:
మా వాట్సాప్ గ్రూపులో నిన్న ఒకటి వచ్చింది: *మానవ తడబాటుతో విష్ణువు అవతారం (3)*. నేను వామన అని రాశాను, ఒప్పన్నారు. కానీ ఇప్పుడు మీ లెక్క చూస్తే డౌటు వస్తోంది.

సుబ్బారావు మాస్టారు:
మీ డౌటు సబబే. మానవలో ఉన్నవి మా, న, వ. వామనలో ఉన్నవి వా, మ, న. 'మా' దీర్ఘం ఊడిపోయి 'వ' మీదకు ఎక్కింది. మన గడిలో ఒక్కో గడికి ఒక్కో అక్షరం, దాని గుణింతంతో, ఒత్తుతో సహా. గుణింతాన్ని విడదీసి వేరే అక్షరానికి తగిలించడం నా లెక్కలో చెల్లదు.

కిరణ్:
ఇంగ్లీషులో అచ్చులూ హల్లులూ విడివిడిగా తిరుగుతాయి కదా మాస్టారూ. మనం ఎందుకు ఒప్పుకోకూడదు? ముందే ఆ నియమం చెప్పి ఆడితే సరిపోతుంది.

శ్రీలత:
మా గ్రూపులో కూర్చే ఆవిడ అదే అంటారు, గుణింతాలు జారినా పరవాలేదని. ఆవిడ గడులు అలవాటైనవాళ్ళకు ఇబ్బంది లేదు.

సుబ్బారావు మాస్టారు:
ముందే చెబితే సరే. చెప్పకుండా వాడితే పూరించేవాళ్ళకు జవాబు సరిచూసుకునే వీలుండదు. కనీసం 'దీర్ఘం మారి' అని ఒక మాట ఆధారంలో ఉండాలంటాను.

రాధిక గారూ, దాగిన పదానికి ఇది చేయండి: *కారం పంపకంలో దొరికిన వడ్రంగి పనిముట్టు (2)*.

రాధిక:
చివర నుంచి కోస్తే అర్థం 'వడ్రంగి పనిముట్టు'. 'లో దొరికిన' అంటే దాగిన పదం. కా, రం, పం, ప, కం. రంపం! ఇక్కడ 'లో' నిజంగానే పని చేసింది, ఇందాక కొండల్లో చేయలేదు.

సుబ్బారావు మాస్టారు:
ఇందాక అది అర్థంలో భాగం. ఇంగ్లీషులో విడి మాటగా కనబడే సూచన మనకు ఇలా విభక్తిలో నక్కి ఉంటుంది. అందుకే 'లో' చూడగానే నమ్మకూడదు, పూర్తిగా వదిలేయనూ కూడదు.

ఇర్ఫాన్:
నేనొకటి కూర్చాను, చెల్లుతుందా? *కవి తనలో దాచుకున్నది (3)*.

రాధిక:
క, వి, త, న. కవిత! కానీ ఇందులో అర్థం ఎక్కడ కోయాలి? ఎక్కడ కోసినా ఏదో ఒకటి మిగులుతోంది.

సుబ్బారావు మాస్టారు:
కోయక్కర్లేదు. మొత్తం వాక్యమే అర్థం, మొత్తం వాక్యమే ఆట. ఇలాంటివి అరుదుగా కుదురుతాయి. చాలా బాగుంది ఇర్ఫాన్.

కిరణ్:
బాగుంది కానీ నాకొక అభ్యంతరం. దాగిన పదానికి రెండు పక్కలా కనీసం ఒక్క అక్షరమైనా మిగలాలి. ఇక్కడ కవిత మొదటి అక్షరం నుంచే మొదలవుతోంది, చివర 'న' ఒక్కటే మిగిలింది. 'కారం పంపకం'లో ఎడమన 'కా' ఉంది కాబట్టి అది నిజంగా దాగింది.

ఇర్ఫాన్:
ముందు 'సుకవి' అని పెడితే?

కిరణ్:
అప్పుడు రెండు పక్కలా మిగులుతాయి. నాకు ఓకే.

సుబ్బారావు మాస్టారు:
నాకు 'సు' లేకుండానే నచ్చింది. చేర్చగానే వాక్యం బరువెక్కింది. ఇర్ఫాన్, మీరు పంపేటప్పుడు రెండు రూపాలూ పంపండి, పత్రిక వాళ్ళు ఏది వేస్తారో చూద్దాం.