"షుగర్ వద్దు" అన్నా ఫ్రాపే తియ్యగానే ఉంటోంది, ఎందుకు?

బెంజ్‌సర్కిల్_వాసి: మా దగ్గర కెఫేలో ఎన్నిసార్లు "షుగర్ వద్దు" అన్నా ఫ్రాపే తియ్యగానే ఇస్తున్నారు. మర్చిపోతున్నారంటారా? అసలు అందులో చక్కెర ఎంత పడుతుంది?

కౌంటర్_వెనక: మర్చిపోవడం కాదండీ. ఆ మాటకి వాళ్లు ఆపేది సిరప్ ఒక్కటే. చాలా చోట్ల ఫ్రాపేకి రెడీమేడ్ బేస్ పౌడర్ వేస్తారు. చక్కెర అందులో ముందే కలిసి ఉంటుంది. పౌడర్ మానేయమంటే ఒప్పుకోరు, ఎందుకంటే చిక్కదనం ఇచ్చేదే అది. అది లేకపోతే కాసేపటికే ఐస్ పైకి తేలి, అడుగున నీళ్ల కాఫీ మిగులుతుంది.

పెద్ద గ్లాసుకి సుమారు లెక్క ఇదీ: 30 గ్రాముల పౌడర్‌లో చక్కెర 20 గ్రాములు, రెండు పంపుల సిరప్‌లో 16, చాక్లెట్ సాస్‌లో 9, పైన క్రీమ్‌లో మరో 3. మొత్తం 48 గ్రాములు, అంటే దాదాపు పది చెంచాలు. ఫుల్ క్రీమ్ పాలు కూడా కలిపితే 400 కేలరీలు దాటుతుంది. డబ్ల్యూహెచ్ఓ చెప్పే రోజంతటి పరిమితి 50 గ్రాములు, వీలైతే 25 లోపు. మీరు సిరప్ ఆపించినా 32 గ్రాములు అలాగే ఉన్నాయి.

గుంటూరు_గోపి: ఓట్ మిల్క్‌తో చేయమంటే సరి. తేలిగ్గా ఉంటుంది.

కౌంటర్_వెనక: పాలు పడని వాళ్లకి మంచిదే గోపి గారూ. కానీ కాఫీకని చేసే ఓట్ మిల్క్ కేలరీల్లో టోన్డ్ పాలకి దగ్గరగానే ఉంటుంది. పౌడర్, సాస్ ఎలాగూ మారవు.

పటమట_లక్ష్మి: మా నాన్నగారికి షుగర్ ఉంది. మోకా అంటే ప్రాణం. షుగర్‌ఫ్రీ సిరప్ వేయిస్తే తాగొచ్చా?

కౌంటర్_వెనక: మోకాలో తీపి చాక్లెట్ సాస్‌దమ్మా, సిరప్ మార్చినా అది పోదు. చిన్న కప్పు కాపుచినో చెప్పి, పైన తీపి లేని కోకో చల్లమనండి. డ్రింకింగ్ చాక్లెట్ చల్లితే మళ్లీ చక్కెరే, డబ్బా చూపించమని అడగండి. పాలలో సహజంగా ఉండే చక్కెర మాత్రం ఉంటుంది, అది లెక్కలో పెట్టుకోవాలి.

బెంజ్‌సర్కిల్_వాసి: మరి నాకు చల్లగా ఏం చెప్పమంటారు?

కౌంటర్_వెనక: ఐస్డ్ లాటే, చిన్నది, టోన్డ్ పాలు, సిరప్ ఒక్క పంపు. "కొంచెం తక్కువ" అనకండి, ఒక్కొక్కరి కొలత ఒక్కోలా ఉంటుంది. "మామూలుగా ఎన్ని పంపులు వేస్తారు?" అని అడిగి అంకె చెప్పండి. 150 మిల్లీలీటర్ల పాలతో 120 కేలరీల దగ్గర ఆగుతుంది. బాటిల్లో ముందే కలిపి పెట్టిన కోల్డ్ కాఫీ అయితే మాత్రం తగ్గించే దారి లేదు.

గుంటూరు_గోపి: షుగర్‌ఫ్రీ సిరప్ రోజూ వాడొచ్చా, అది తేల్చలేదు.

పటమట_లక్ష్మి: బరువు తగ్గడానికి అలాంటివి వాడొద్దని డబ్ల్యూహెచ్ఓ 2023లో చెప్పింది. కానీ ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి కాదట. నాన్నగారి సంగతి డాక్టర్‌నే అడుగుతాను.