‘మంగు’ అంటే ఏ మచ్చ?

లక్ష్మి, అనంతపురం: ముఖం మీద గోధుమరంగు మచ్చ కనిపిస్తే మా అమ్మ ‘మంగు పట్టింది’ అంటుంది. మా ఆఫీసులో దాన్నే ట్యాన్ అంటారు. రెండూ ఒకటేనా? మా చెల్లెలికి రెండో కాన్పు ముందు రెండు బుగ్గల మీదా మొదలైంది. బాబుకు మూడేళ్లు వచ్చినా పోలేదు.

ఓబులేసు, ఆదోని: ఒకటేనమ్మా, రెండూ ఎండ వల్లే వస్తాయి. చేనుకు పోయే మా ఆడవాళ్లందరికీ మంగే.

నసీమా, కర్నూలు: నేను చర్మం డాక్టరు దగ్గర పనిచేస్తాను. ఓబులేసన్న చెప్పినదాంట్లో సగం నిజం. ఎండ తగిలితే మంగు ముదురుతుంది. కానీ ఎండకు కమిలితే ముఖం ఒక్కటే కమలదు. మెడ, ముంజేతులు కూడా నల్లబడతాయి, జాకెట్ చెయ్యి ఆగిన చోట గీత గీసినట్టు రంగు మారుతుంది. ఎండ తగలకుండా ఉంటే కొన్ని వారాలకో నెలలకో తగ్గుతుంది. లక్ష్మక్కా, మీ చెల్లెలి ముంజేతులు చూడండి. అక్కడ రంగు మామూలుగా ఉండి, రెండు బుగ్గల మీదా ఒకే తీరున మచ్చ ఉంటే మంగు అనే అనుకోవాలి. కడుపుతో ఉన్నప్పుడు మొదలవడం మామూలే. పిల్లలు వద్దని వేసుకునే మాత్రలతోనూ రావచ్చు. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశం ఎక్కువ.

భార్గవి, కడప: నాకు త్రెడింగ్ తర్వాత పైపెదవి మీద పొక్కి, ఇప్పుడు నల్లగా ఉంది. ఇదీ మంగేనా?

నసీమా: పొక్కిన చోటే, అంతమేరకే ఉంటే కాదమ్మా. అది వాపు తగ్గాక మిగిలిన నలుపు. మొటిమ గిల్లినా ఇంతే. నెమ్మదిగా పోతుంది, మళ్లీ అక్కడ రాపిడి తగలనివ్వద్దు. అయితే పైపెదవి మీద మంగు కూడా వస్తుంది కాబట్టి, చూడకుండా నేను తేల్చి చెప్పలేను.

లక్ష్మి: చెల్లెలు మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాసింది. మొదట్లో బాగా తెల్లబడింది. ఆపేసరికి ముందుకన్నా నల్లగా అయింది.

నసీమా: ట్యూబు మీద మొమెటాసోన్ అనో, బెటామెథాసోన్ అనో ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. డాక్టరు కొన్ని వారాలకే రాసిచ్చేదాన్ని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, నూగు వెంట్రుకలు కూడా వస్తాయి. ఆ ట్యూబు వెంట పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లమనండి. సన్‌స్క్రీన్‌లో చర్మం రంగు కలిసినది మేలు, ఎందుకంటే మామూలు వెలుతురుకు కూడా మంగు ముదురుతుంది.

రామసుబ్బయ్య, ప్రొద్దుటూరు: మాట సంగతి మరిచారు. ఏలినాటి శనిలో మొదటి దఫాను ‘మంగు శని’ అంటాం. తమిళంలో మంగు అంటే వెలుగు తగ్గడం. మన మచ్చకూ అక్కడినుంచే పేరు వచ్చి ఉండాలి.

లక్ష్మి: తమిళం నుంచి వచ్చిందా, రెండు భాషలకూ మొదటినుంచీ ఉన్నదా సార్?

రామసుబ్బయ్య: అది తేల్చే ఆధారం నా దగ్గర లేదమ్మా.

ఓబులేసు: మా పెద్దమ్మకు చేతులూ నల్లబడ్డాయి, బుగ్గల మీద వేరే మచ్చలూ ఉన్నాయి. ఆమెది ఏమనాల?

నసీమా: రెండూ ఉన్నాయన్నా. చేతుల నలుపు ఎండది, బుగ్గలవి మంగు. చేనుకు పోయేటప్పుడు కొంగు ముఖానికి అడ్డంగా వేసుకోమను.