మోస్తార్ వంతెనను తిరిగి కట్టడం సబబేనా? తెలిసినవాళ్లు చెప్పండి

కట్టడాల పరిరక్షణ చదువుతున్నాను. ఒకచోట ఆగిపోయాను, సాయం కావాలి.

బోస్నియాలోని మోస్తార్ పాత వంతెన 1566 నాటిది. 1993 నవంబరులో ఫిరంగి దెబ్బలకు నెరెత్వా నదిలో కూలింది. నదిలోంచి తీసిన రాళ్లు బాగా దెబ్బతినడంతో దాదాపుగా వాడలేదు. తెనెలియా అనే అదే స్థానిక రాయిని కొత్తగా చెక్కి, పాత పద్ధతిలోనే ఇనుప కొక్కేలు పెట్టి, కరిగించిన సీసం పోసి బిగించారు. 2004లో తెరిచారు.

1964 వెనిస్ చార్టర్ 15వ అధికరణ తవ్వకాల్లో బయటపడ్డ శిథిలాల విషయంలో పునర్నిర్మాణం వద్దంటుంది, విడిపోయిన అసలు ముక్కల్ని తిరిగి కూర్చడమే ఒప్పుకుంటుంది. దాన్నే కొలమానంగా తీసుకుంటే ఈ వంతెన నకలే. అయినా 2005లో యునెస్కో ఈ ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, అదీ ఆరో ప్రమాణం ఒక్కదాని కింద. అంటే గుర్తించింది రాయిని కాదు, రెండు ఒడ్డుల మనుషులు మళ్లీ కలవడాన్ని అని నాకు అర్థమైంది. నిజం చెప్పాలంటే నా మనసు అటే మొగ్గుతోంది.

కానీ గీత ఎక్కడ గీయాలి? కచ్చితమైన కొలతలు, ఫొటోలు లేకపోతే, ఊరివాళ్లు ఎంత కోరుకున్నా అది ఊహే కదా? కొత్త రాయి కొత్తదని చూడగానే తెలియాలా, ఎక్కడైనా రాసిపెడితే చాలా? ఇలాంటి పనుల్లో ఉన్నవాళ్లు ఎలా తేల్చుకుంటారో చెప్పండి.